మూలన ఉన్న పేరు తెగిపోతే: నెగటివ్ నుంచి 65బి దాకా

నాగార్జునసాగర్ గేట్లు ఎత్తిన రోజున నల్లగొండ జిల్లా వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఫొటోల్లో కొన్ని, నురగ మొదలయ్యే చోటనే ఆగిపోయి కనిపిస్తాయి. కత్తిరించేసిన ఆ కింది భాగంలో తరచుగా ఉండేది తీసినవారి పేరు.

ఫిల్మ్ కాలంలో ఈ చిక్కు తక్కువ. ప్రింటు ఎవరి చేతికి వెళ్లినా నెగటివ్ స్టూడియోలోనే ఉండేది. బ్రిటిష్ ఇండియాలో 1914 నాటి చట్టం కూడా నెగటివ్ యజమానినే ఫొటో కర్తగా భావించింది. 1957 కాపీరైట్ చట్టం ఆ స్థానాన్ని ఫొటో తీసిన వ్యక్తికి ఇచ్చింది. డిజిటల్ కెమెరాతో నెగటివే లేకుండా పోయింది, ప్రతి నకలూ అసలులాగే ఉంటున్నది కనుక పేరు ఫొటో మూలకు చేరింది.

ఆ పేరుకు చట్టంలో ప్రత్యేక రక్షణ 2012 సవరణతో వచ్చింది. 1996 నాటి అంతర్జాతీయ కాపీరైట్ ఒప్పందంలోని ఆలోచనను అనుసరించి చేర్చిన 65బి సెక్షన్ ప్రకారం, కర్త పేరు వంటి హక్కుల సమాచారాన్ని అనుమతి లేకుండా, తెలిసి తొలగించినవారికి రెండేళ్ల దాకా జైలు, జరిమానా పడవచ్చు. (భారత్ ఆ ఒప్పందంలో చేరింది మాత్రం 2018లో.)

ఒక ఉదాహరణ చూద్దాం. ఫొటోగ్రాఫర్ 6000×4000 పిక్సెళ్ల ఫొటో తీసి, 1500×1000కు తగ్గించి, కుడివైపు కింది మూలన పేరు వేసి పంచాడు. క్రాప్ చేసేవారు మూలను ఒక్కదాన్నే తీయలేరు, ఆ వైపు పట్టీ మొత్తం పోవాలి. కింద 120 వరుసలు తీసేస్తే 1500×880 మిగులుతుంది. కొలత మారడం అనుమానానికే పనికొస్తుంది, ఎందుకంటే ఫ్రేమ్ బాగుండాలని కత్తిరించేవారూ ఉంటారు. అసలు సాక్ష్యం పూర్తి ఫైలు, దానికి ముందూ వెనకా తీసిన ఫ్రేములు: తెగిన అంచుకు కింద ఏముందో తీసినవాడు చూపగలడు, కత్తిరించినవాడు చూపలేడు.

ఆ ఫొటోను ఫ్లెక్సీకి వాడితే రెండు ప్రశ్నలు వేరువేరుగా వస్తాయి. అనుమతి లేకుండా ముద్రించడం, పేరు ఉన్నా లేకున్నా, రిజిస్ట్రేషన్ లేకపోయినా, కాపీరైట్ ఉల్లంఘనే. 65బి కింద నేరం మాత్రం తెలిసి చేసినప్పుడే అవుతుంది. పేరు తీసేసిన ఫొటో తెలియకుండా చేతికొచ్చి దాన్ని పంచినవారికి అది వర్తించకపోవచ్చు, ముద్రణ ఉల్లంఘన ప్రశ్న మాత్రం అలాగే ఉంటుంది.

పెళ్లి ఫొటోల్లో లెక్క తిరగబడుతుంది, ఇది చాలా స్టూడియోలకు మింగుడుపడని సంగతి. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, 17వ సెక్షన్ ప్రకారం మొదటి యజమాని తీయించుకున్నవారే. కనుక పెళ్లివారు స్టూడియో పేరు కత్తిరించి స్టేటస్‌లో పెట్టుకుంటే ఉల్లంఘన అనడం కష్టం. అయినా తానే తీశానని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద ఫొటోగ్రాఫర్‌కే మిగిలి ఉంటుంది.