గ్రూపు జామీను ఎక్కడ దెబ్బతింది: 2010 కంటే 2006ను చూడాలి

మైక్రోఫైనాన్స్ గొడవ మళ్లీ రాజుకుంది. వేధింపుల వసూళ్ల మీద కర్ణాటక 2025 ఫిబ్రవరిలో ఆర్డినెన్స్ తెచ్చింది. మన దగ్గర మైక్రోఫైనాన్స్ సంస్థల కట్టడికి ఉమ్మడి రాష్ట్రంలో 2010 ఆర్డినెన్స్‌తో వచ్చిన చట్టం రిజర్వ్ బ్యాంకు నియంత్రణలో ఉన్న సంస్థలకు వర్తించదని తెలంగాణ హైకోర్టు 2023 ఫిబ్రవరిలోనే చెప్పింది. అందుకే ఇప్పుడు మళ్లీ అందరూ 2010 గురించే మాట్లాడుతున్నారు. అసలు గ్రూపు జామీను, అంటే ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలన్న షరతు, ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే, అది ఎక్కడ చెడిందో కూడా తెలుస్తుంది.

తాకట్టు పెట్టడానికి ఏమీ లేని మనిషికి అప్పు ఇచ్చేవాడికి ఎవరు నిలకడగా కడతారో, ఎవరు చేతులెత్తేస్తారో తెలియదు. ఊళ్లో ఆడవాళ్లకు మాత్రం తెలుసు. ఆ తెలివిడిని అప్పుల లెక్కలోకి తెచ్చేదే ఈ జామీను. ఇద్దరిద్దరు జట్టు కట్టాలని, ఒకరు కట్టలేకపోతే, తన అప్పు కట్టగలిగిన రెండోవారు రూ.4,000 భరించాలని అనుకుందాం. నిలకడైన మనిషి వందలో 95 సార్లు కడుతుంది, రిస్కు ఎక్కువున్న మనిషి 75 సార్లు కడుతుంది. నిలకడైన మనిషి తనలాంటి దానితో జట్టు కడితే పక్కవాళ్ల కోసం పడే భారం సగటున రూ.190, రిస్కు మనిషితో కడితే రూ.950. అంటే తేడా రూ.760. అదే రిస్కు మనిషికి మంచి జోడీ దొరకడం వల్ల మిగిలేది రూ.600 మాత్రమే (750 బదులు 150). కాబట్టి ఎదురు డబ్బిచ్చినా ఆమె నిలకడైన మనిషిని తన జట్టులోకి లాక్కోలేదు. నిలకడైనవాళ్లు ఒకచోట, రిస్కు ఉన్నవాళ్లు ఒకచోట వాళ్లంతట వాళ్లే చేరతారు. కాగితం మీద వడ్డీ ఒకటే అయినా రిస్కు జట్టు మీద ఎక్కువ భారం పడుతుంది. నిలకడైనవాళ్లకు అప్పు చవకై, వాళ్లు ముందుకొస్తారు, మొత్తం మీద ఎగవేతలు తగ్గుతాయి. 1990లలో మైత్రీశ్ ఘటక్ లాంటి ఆర్థికవేత్తలు చూపించింది ఇదే.

ఇదంతా నిలబడాలంటే ఒక షరతు ఉంది: పక్కన ఎవరు కూర్చోవాలో ఆడవాళ్లే ఎంచుకోవాలి, వద్దనుకున్న మనిషిని వద్దనగలగాలి.

ఆ షరతు చెడిన సంగతి బయటపడింది 2006లో, కృష్ణా జిల్లాలో. అప్పటికే డ్వాక్రా సంఘాలు ఊరూరా ఉన్నాయి. ఏళ్ల తరబడి పొదుపు చేసి, ఒకరినొకరు చూసుకుని కట్టుకున్న సంఘాలవి. మైక్రోఫైనాన్స్ సంస్థలు వచ్చి ఆ సభ్యులకే అప్పులిచ్చాయి, ఒక సంస్థ తర్వాత ఇంకోటి. బ్రాంచి టార్గెట్ కోసం లోన్ ఆఫీసరు ఐదుగురిని పోగు చేస్తే, అందులో ఒకామె ఇంకో రెండు గ్రూపుల్లోనూ ఉండొచ్చు, ఆ సంగతి మిగతా నలుగురికి తెలియకపోవచ్చు. వాళ్లు సంతకం పెట్టింది తమకు తెలియని రిస్కుకు. ఆ ఏడాది మార్చిలో జిల్లా యంత్రాంగం రెండు పెద్ద సంస్థలకు చెందిన 50 దాకా బ్రాంచీలను మూయించింది. గొడవ సర్దుమణిగింది కానీ అప్పిచ్చే పద్ధతి మారలేదు, వ్యాపారం ఇంకా వేగంగా పెరిగింది.

వాయిదా రూ.225 అనుకుంటే ఐదుగురి గ్రూపులో ఒకామె తప్పిన వారం మిగతా నలుగురి మీద పడేది తలకు రూ.56. తిట్టుకుంటూనైనా కడతారు. ముగ్గురు తప్పితే మిగిలిన ఇద్దరూ తమ వాయిదాతో కలిపి తలా రూ.562 కట్టాలి, వసూళ్ల మీటింగ్ ముగిసేదాకా లేవనివ్వరు. మూడు సంస్థల వాయిదాలు నడుస్తున్న ఇంట్లో ఇది అయ్యే పని కాదు. అప్పుడు కట్టగలిగిన ఆ ఇద్దరు కూడా మానేయడమే నయమనుకుంటారు. ఎగవేతను ఆపాల్సిన జామీనే గ్రూపు మొత్తాన్ని ఎగవేతలోకి నెడుతుంది. ఆ లోపు జరిగేది మనకు తెలిసిందే: తలుపు ముందు బైఠాయింపులు, బంధువుల ముందు పరువు తీయడాలు, కొన్ని ఇళ్లలో చావులు.

2010 అక్టోబరు ఆర్డినెన్స్ వల్లే వసూళ్లు పదో వంతుకు పడిపోయాయని, రాజకీయ నాయకులు కట్టొద్దన్నారని సంస్థలు అంటాయి. వసూళ్లు పడిపోయిన మాట నిజం. కానీ ఒక్క ఆర్డినెన్స్‌తో అంత తొందరగా కూలిందంటే, అప్పటికే ఆ గ్రూపుల్లో ఒకరి కోసం ఒకరు కట్టే బంధం మిగల్లేదని నేను అనుకుంటాను.

ఇంకో సంగతి కూడా ఈ వాదనలోకి రావాలి. ఫిలిప్పీన్స్‌లో ఒక బ్యాంకు కొన్ని సెంటర్లలో ఉమ్మడి జామీను తీసేసి, మీటింగులు మాత్రం అలాగే ఉంచింది. ఆర్థికవేత్తలు జేవియర్ జినే, డీన్ కార్లన్ ఆ మార్పును పరిశీలిస్తే ఎగవేతలు పెరగలేదు. అప్పటికే ఎంచుకుని చేరిన గ్రూపులవి, కాబట్టి మొదట్లో జరిగే ఎంపిక గురించి అది తీర్పు చెప్పదు. కానీ ఒకసారి గ్రూపు కుదిరాక, పక్కామె వాయిదా కోసం ఇంకో ఆమెను కూర్చోబెట్టి ఒత్తిడి చేయడం అవసరం లేదని మాత్రం చెబుతుంది. పైగా ఇప్పుడు క్రెడిట్ బ్యూరోలో ఆమె పాత అప్పులు కనిపిస్తాయి, 2022లో రిజర్వ్ బ్యాంకు తెచ్చిన నిబంధనల ప్రకారం అన్ని అప్పుల వాయిదాలూ కలిపి కుటుంబ నెల ఆదాయంలో సగం దాటకూడదు. ఆ లెక్క చూసుకోవాల్సింది అప్పిచ్చే సంస్థ. దాన్ని సరిగ్గా చూడకుండా అప్పిచ్చి, తప్పిన వాయిదాను పక్కింటామె దగ్గర వసూలు చేసే హక్కు దానికి ఎందుకుండాలో ఇంతవరకు ఏ సంస్థా సూటిగా చెప్పలేదు.