ఆమ్లెట్ తినేశాక గట్టు మీద మిగిలేది

ఒక ఆదివారం పొద్దున ఆమ్లెట్ కోసం గిలక్కొట్టిన గుడ్డులో అర చెంచా ఎర్ర ఫుడ్ కలర్ కలిపాను. ఆ తర్వాత అంతా రోజూ చేసినట్టే చేశాను. అదే చేత్తో ఇంకో పచ్చిమిర్చి కోశాను, ఉప్పు వేశాను, ఒలికిన చోట మసిగుడ్డతో ఒక్కసారి తుడిచాను. పెనం దించాక లైటు వేసి చూస్తే ఉప్పు డబ్బా మూత మీద నా బొటనవేలి ముద్ర ఎర్రగా కనిపించింది. కుళాయి తల మీద, ఫ్రిజ్ పిడి మీద కూడా ఆ రంగే. చాపింగ్ బోర్డు మీద కత్తి గాట్లలో సన్నటి ఎర్ర గీతలు నిలిచిపోయాయి. మసిగుడ్డ గులాబీ రంగుకు తిరిగింది, దాంతో తుడిచిన గట్టంతా లేత గులాబీ.

రంగు కలపని రోజుల్లో కూడా గుడ్డు సరిగ్గా అక్కడికే చేరుతుంది, కాకపోతే కనిపించదు. దాంతోపాటు సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా చేరే అవకాశం ఉంది. ఇది కోడి పేగుల్లో ఉంటుంది, రెట్ట ద్వారా పెంకుకు అంటుకుంటుంది. కొన్ని రకాలు కోడి అండాశయంలోనే చేరి, పెంకు ఏర్పడకముందే గుడ్డు లోపలికి వెళ్తాయి. ఎక్కువ గుడ్లలో ఇది ఉండదు, ఉన్న గుడ్డును చూసి గానీ వాసన చూసి గానీ కనిపెట్టలేం.

పచ్చి గుడ్డుతో చేసే మయోనీజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు చివర్లో ఏడాదిపాటు నిషేధించినప్పుడు, మా ఇంట్లో పచ్చి గుడ్డు ఎవరూ తినరు కదా అని చాలామంది ధీమాగా ఉన్నారు. నిజమే, ఆమ్లెట్ లోపలి దాకా 71 డిగ్రీలు దాటితే అందులోని సాల్మొనెల్లా చచ్చిపోతుంది. కానీ ఉప్పు డబ్బా మూతను ఎవరూ పెనం మీద పెట్టరు.

బ్రిటన్‌లో టామ్ హంఫ్రీ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు దీన్ని 1994లో పరీక్షించి చూశారు. సాల్మొనెల్లా కలిపిన గుడ్లతో వంట మొదలుపెట్టి, అది ఎక్కడెక్కడికి పోతుందో వెతికారు. కలిపే గిన్నె నుంచి 40 సెంటీమీటర్లు దాటి కూడా తుంపర్లు పడ్డాయి. మన మూర పొడవు కంటే కొంచెం తక్కువ అనుకోండి. గట్టు మీద పల్చగా ఎండిపోయిన పొరలో 24 గంటల తర్వాత కూడా బ్యాక్టీరియా బతికే ఉంది. ఎండిపోయింది కదా, పోయిందిలే అనుకునే చోటే పొరపాటు జరుగుతోంది.

ఒక మామూలు ఆదివారం తీసుకుందాం. తొమ్మిదికి ఆమ్లెట్ అయింది, బోర్డును నీళ్ల కింద ఒకసారి పట్టి నిలబెట్టారు. పదకొండున్నరకు అదే బోర్డు మీద పిల్లల కోసం కీరా ముక్కలు కోసి గిన్నెలో పెట్టారు. గాట్లలోంచి ఒక పది బ్యాక్టీరియాలు ముక్కలకు అంటాయి అనుకుందాం. బోర్డు మీద అవి ఊరికే బతికి ఉన్నాయంతే. కీరాలో మాత్రం వాటికి తడి, తిండి రెండూ దొరుకుతాయి, పులుపూ పెద్దగా అడ్డురాదు. ఎండాకాలం వంటింట్లో కొంతసేపు కుదురుకున్నాక అరగంటకోసారి రెట్టింపు అయ్యాయంటే, మూడు గంటల్లో పది కాస్తా 640 అవుతాయి. అదే ముక్కలు కోసిన వెంటనే తినేసినా, ఫ్రిజ్‌లో పెట్టినా పెరుగుదల ఇంత ఉండదు.

జ్వరం, కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనాలు మొదలవడానికి ఆరు గంటలు పట్టొచ్చు, ఆరు రోజులూ పట్టొచ్చు. అప్పటికి ఆ బోర్డు ఎవరికి గుర్తుంటుంది? నిన్న తిన్న హోటల్ బిర్యానీని తిట్టుకుంటాం.

ఇక శుభ్రం చేయడం. మన ఇళ్లలో గుడ్డు గిన్నె కడిగేటప్పుడు దృష్టంతా నీచు వాసన మీదే ఉంటుంది. శనగపిండి రాస్తాం, నిమ్మచెక్కతో రుద్దుతాం. వాసన తగ్గుతుంది. కానీ రుద్ది కడిగేసే ఆ అర నిమిషంలో నిమ్మరసం బ్యాక్టీరియాను చంపేస్తుందని నమ్మలేం. ఇంకొందరు మొదటే సలసల కాగే నీళ్లు పోస్తారు. తెల్లసొన 60 డిగ్రీలు దాటగానే గడ్డకట్టడం మొదలవుతుంది, అంటే కడగాల్సిన గుడ్డు గాట్లలోనే ఉడికి అతుక్కుంటుంది. ఫోర్కు పళ్ల మధ్య గీకినా రాని తెల్లటి పొర ఇదే.

అందుకే ముందు ఒలికిన సొనను టిష్యూతో గానీ పాత న్యూస్‌పేపర్ ముక్కతో గానీ ఎత్తి చెత్తబుట్టలో వేయాలి. తర్వాత చల్లటి నీళ్లు. ఆపైన డిష్‌వాష్ లిక్విడ్ వేసి, గాట్లు ఎటు ఉంటే అటు వెంట బ్రష్‌తో రుద్ది, ధారగా వదిలిన నీళ్లతో కడగాలి. వేలితో రాస్తే కొంచెం కూడా జారకూడదు, వెలుతురుకు వంచి చూస్తే పొర మెరవకూడదు. రోజువారీ ఆమ్లెట్‌కు ఇంతవరకు చేసి, బోర్డును నిలబెట్టి పూర్తిగా ఆరనిస్తే చాలని నా అభిప్రాయం.

ఇంట్లో పసిపిల్లలు, గర్భిణి, పెద్దవాళ్లు ఉంటే, లేదా అదే బోర్డు మీద వెంటనే పచ్చి కూరగాయలు కోయాల్సి వస్తే బ్లీచ్ వాడండి. సీసా మీద సోడియం హైపోక్లోరైట్ 4 శాతం అని, సువాసన లేనిది అని ఉండాలి. లీటరు చల్లటి నీళ్లకు ఒక చిన్న చెంచా, అంటే 5 మిల్లీలీటర్లు, ఎప్పటికప్పుడు కలుపుకోవాలి. బోర్డు మీద పోసి ఐదు నిమిషాలు తడిగా ఉంచి, మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి. సబ్బుతో కడగకుండా నేరుగా బ్లీచ్ పోస్తే గుడ్డులోని ప్రొటీనే దాన్ని తినేస్తుంది, బ్యాక్టీరియా దాకా మిగలదు. నిమ్మరసం, వెనిగర్, బాత్రూం యాసిడ్ మాత్రం బ్లీచ్ దరిదాపుల్లోకి రానివ్వద్దు, క్లోరిన్ వాయువు పుడుతుంది.

చెక్క బోర్డా, ప్లాస్టిక్‌దా అని తరచూ అడుగుతుంటారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో డీన్ క్లైవర్ అనే శాస్త్రవేత్త దీని మీద చాలా పనిచేశారు. చెక్క తడిని లోపలికి పీల్చుకుంటుంది, దాంతో వెళ్లిన బ్యాక్టీరియా మళ్లీ పైకి రావడం కష్టమైంది. కొత్త ప్లాస్టిక్ బోర్డు తేలిగ్గానే శుభ్రపడింది, గాట్లు పడ్డ పాతది మాత్రం చేత్తో కడిగితే లొంగలేదు. గాట్లు గోటికి తగిలేంత లోతయ్యాయంటే ఆ ప్లాస్టిక్ బోర్డు మార్చేయాల్సిందే.

చేతులకు సబ్బు పెట్టి 20 సెకన్లు, గోళ్ల కింద, ఉంగరం కింద కూడా రుద్దాలి. కొంగుకు తుడుచుకుంటే చేయి ఆరుతుంది, గుడ్డు కొంగుకు మారుతుంది. నన్ను ఎక్కువ భయపెట్టింది మసిగుడ్డే. రోజంతా తడిగా ఉండే గుడ్డ, తుడిచిన ప్రతిచోటా కొంత వదిలిపెడుతుంది. గుడ్డు తుడిచిన గుడ్డను ఆ పూటే సబ్బు నీళ్లలో ఉడికించి ఎండలో వేయాలి.

మరుసటి ఆదివారం మళ్లీ రంగు కలిపాను. ఈసారి ఉల్లిపాయ, మిర్చి, కొత్తిమీర ముందే కోసేశాను, ఉప్పు చిన్న గిన్నెలోకి తీసుకున్నాను, బోర్డు పక్కన పెట్టేశాక చివర్లో గుడ్లు కొట్టాను. పెంకులు నేరుగా బుట్టలోకి వెళ్లాయి. గిన్నెకు, ఫోర్కుకు తప్ప ఎక్కడా ఎరుపు లేదు, ఒక్క కుళాయి తలకు తప్ప. చేతులు కడుక్కోవడానికి దాన్ని ఆ చేత్తోనే తిప్పాను మరి. ఇప్పుడు మోచేత్తో తిప్పుతున్నాను, చేతులతో పాటు దాని తలకూ సబ్బు రాస్తున్నాను.