"మీ డొమైన్ ఇవాళ్టితో ఆఖరు సార్": అపోహలు - వాస్తవాలు

చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు చేసిపెట్టడం నా పని. సైట్ మొదలైన కొద్ది రోజులకే చాలామంది కస్టమర్ల నుంచి వాట్సాప్‌లో డొమైన్ గడువు అయిపోతోందని, డబ్బు కట్టమని వచ్చిన మెయిల్ స్క్రీన్‌షాట్ ఒకటి వస్తుంది, కింద "అన్నా, ఇది కట్టాలా?" అని. నూటికి తొంభై సార్లు కట్టక్కర్లేదు. ఎందుకో చెప్తాను.

అపోహ: నా డొమైన్ పేరు, తేదీలు కరెక్ట్‌గా చెప్పారు కాబట్టి వాళ్లు అసలు కంపెనీ వాళ్లే.

ఆ వివరాలు రహస్యం కాదు. ఏ డొమైన్‌ను ఎవరి దగ్గర కొన్నారు, ఎప్పుడు కొన్నారు, ఎప్పటిదాకా ఉంది అనేది ఎవరైనా `lookup.icann.org`లో చూడొచ్చు. 2018 తర్వాత .com లాంటి వాటిలో యజమాని పేరు, ఫోన్ నంబరు చాలావరకు దాచేస్తున్నారు. అయినా సైట్‌లో "సంప్రదించండి" అనే పేజీ పెట్టి మన నంబరు మనమే ఇస్తాం కదా! ఇక వాళ్లకు వెతికే పనేముంది?

అపోహ: మెయిల్‌లో ఎక్స్‌పైరీ తేదీ ఉంది కాబట్టి అది రెన్యువల్ బిల్లే.

ఎక్కువమంది పడేది ఇక్కడే. ఊరగాయలు అమ్ముకునే ఒకావిడ పంపిన మెయిల్ చూడండి. పైన పెద్ద అక్షరాల్లో `EXPIRATION NOTICE` అని, కింద ఆవిడ డొమైన్ పేరు, ఇంకో మూడు రోజుల్లో ముగిసే తేదీ, 80 డాలర్ల మొత్తం, ఎర్ర రంగులో పేమెంట్ బటన్. ఆవిడ డొమైన్ కొన్నది అంతకు ముందు నెలలోనే, ఏడాదికి డబ్బు కట్టి. మరి మూడు రోజుల్లో ఏం ముగుస్తుంది?

బటన్ కింద సన్న అక్షరాల్లో ఉంది జవాబు. అది `search engine submission`కి, అంటే సెర్చ్ ఇంజన్లలో మీ సైట్ నమోదు చేస్తామనే సర్వీసుకి ఇచ్చిన ఆఫర్. ముగిసేది ఆ ఆఫర్. ఇంకా కిందికి వెళ్తే "ఇది బిల్లు కాదు" అన్న వాక్యం కూడా ఉంది. తర్వాత గొడవ వస్తే "మేం రాశాం కదా" అనడానికి అది. పైగా గూగుల్‌కి సైట్ గురించి చెప్పడానికి పైసా ఖర్చు లేదు, సెర్చ్ కన్సోల్‌లో ఉచితంగా చేసుకోవచ్చు.

ఇలాంటిది వస్తే టెర్మినల్‌లో `whois` కమాండ్ కొట్టి నేను చూసేవి రెండే లైన్లు:

```
whois example.com
Registrar: ...
Registry Expiry Date: ...
```

`Registrar` అంటే మీ డొమైన్ నమోదు చేసిన కంపెనీ. మెయిల్ పంపిన కంపెనీ, అక్కడున్న పేరు ఒకటి కాకపోతే మిగతాది చదవక్కర్లేదు. మీరు రీసెల్లర్ దగ్గర, అంటే పెద్ద కంపెనీ తరఫున అమ్మేవాళ్ల దగ్గర కొనుంటే మాత్రం అక్కడ పెద్ద కంపెనీ పేరు కనిపిస్తుంది, కంగారు పడకండి. గడువు దాటిన .com కి కొన్నాళ్లు ఆ తేదీ ఏడాది ముందుకు జరిగినట్టు కూడా కనిపిస్తుంది, డబ్బు కట్టకపోయినా. అందుకే ఆఖరి మాట మీరు కొన్నచోట ఉన్న అకౌంట్‌దే. మెయిల్‌లో లింక్ నొక్కకుండా, అడ్రస్ మీరే టైప్ చేసి లాగిన్ అవ్వండి.

అపోహ: ఫోన్ చేసినవాళ్లు "రాత్రికి ఎవరో కొట్టేస్తారు" అన్నారు, ఆలస్యం చేస్తే పోతుంది.

గడువు దాటితే సైట్ ఆగిపోవచ్చు, అది నిజమే. కానీ .com పేరు ఆ రాత్రికి రాత్రే వేరేవాళ్ల పాలు కాదు. గడువుకి ముందు రిజిస్ట్రార్ రెండుసార్లు గుర్తు చేయాలి: సుమారు నెల ముందు, వారం ముందు. డిలీట్ చేశాక కూడా అదనపు ఫీజుతో వెనక్కి తెచ్చుకోవడానికి 30 రోజులు ఉంటాయి. రిజిస్ట్రార్ మధ్యలోనే వేలానికి పెట్టే అవకాశం ఉంది కాబట్టి మరీ నిర్లక్ష్యం మాత్రం వద్దు.

"సగం రేటుకి మా హోస్టింగ్‌లోకి మార్చేస్తాం" అనేవాళ్లు ఇంకో రకం. డొమైన్ అంటే సైట్ పేరు, హోస్టింగ్ అంటే సైట్ ఫైళ్లు ఉండే చోటు, రెండూ వేరు. హోస్టింగ్ మార్చాలంటే డొమైన్ వాళ్ల పేరు మీదకి వెళ్లాల్సిన పని లేదు. పైగా కొత్తగా కొన్న .com ని మొదటి 60 రోజులు మామూలుగా ఇంకో రిజిస్ట్రార్‌కి మార్చడం కుదరదు. అందుకే అడిగేది మీ పాస్‌వర్డో, ఓటీపీనో, కోడో అవుతుంది. డొమైన్‌ను ఇంకో రిజిస్ట్రార్‌కి మార్చడానికి వాడే ఆథ్ కోడ్ ఇవ్వడమంటే ఇంటి తాళం చేతిలో పెట్టడమే. మీ ఫోన్‌ను వాళ్లు దూరం నుంచే చూసే ఎనీడెస్క్ లాంటి యాప్ వేసుకోమంటే వెంటనే కాల్ కట్ చేసేయండి. డబ్బు పోయిందా, ఆలోచించకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

అపోహ: అయితే డొమైన్ గురించి వచ్చే మెయిల్స్ అన్నీ మోసమే.

ఇంత చెప్పాక కొందరు ఇలా తయారవుతారు, అది ఇంకో టెన్షన్. కొత్త .com కొన్నాక మీ ఈమెయిల్ సరైనదేనా అని రిజిస్ట్రార్ వెరిఫికేషన్ మెయిల్ పంపుతుంది. 15 రోజుల్లో దానికి స్పందించకపోతే డొమైన్‌ను ఆపేసే అవకాశం ఉంది. సైట్ అకస్మాత్తుగా కనపడట్లేదని ఫోన్ వస్తే నేను ముందు అడిగేది దాని గురించే. ఆ మెయిల్ ఎప్పుడూ డబ్బు అడగదు. అనుమానంగా ఉంటే అకౌంట్‌లోకి వెళ్లండి, వెరిఫికేషన్ పెండింగ్‌లో ఉంటే అక్కడ కూడా సాధారణంగా కనిపిస్తుంది.