ప్లేట్‌లెట్లు ఎక్కడికీ పోలేదు, బల్లలోనే ఉన్నాయి

పొట్టలో ఎడమ పక్కటెముకల కింద గట్టిగా తగిలేదాన్ని మన పెద్దవాళ్లు 'బల్ల' అనేవాళ్లు. చలిజ్వరం ఏళ్ల తరబడి వదలని పిల్లలకు పొట్ట ముందుకు వచ్చి, కాళ్లూ చేతులూ పుల్లల్లా అయితే 'బల్ల పెరిగింది' అనుకునేవాళ్లు. డాక్టర్లు ప్లీహం అనేది ఈ బల్లనే, వాళ్లు చేసిందీ అదే. 1840లలో ఉత్తర భారతంలో కాలువల కింద ఉన్న పల్లెల్లో డెంప్‌స్టర్ అనే వైద్యుడు జనం పొట్టలు తడిమి, ఎంతమందికి ప్లీహం పెరిగిందో లెక్కగట్టి, ఏ ఊళ్లో మలేరియా ఎంత ఉందో అంచనా వేశాడు. అప్పటికి మలేరియా క్రిమిని ఎవరూ చూడలేదు. దోమలో దాన్ని రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో కనిపెట్టడానికి ఇంకా యాభై ఏళ్లు పట్టింది.

ప్లీహం పెరిగినవాళ్లు పాలిపోతారని, వాళ్ల రక్తంలో కణాలు తగ్గుతాయని అందరికీ తెలుసు. ఎందుకు తగ్గుతాయన్నదే వందేళ్లకు పైగా సాగిన తగాదా.

ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో గ్విడో బాంటీ అనే వైద్యుడు 1880, 90లలో ఒక రకం రోగుల్ని వరసగా గమనించాడు. ముందు ప్లీహం పెరుగుతుంది, రక్తం తగ్గుతుంది, కొన్నేళ్లకు కాలేయం గట్టిపడి కడుపులో నీరు చేరుతుంది. ప్లీహమే ఏదో విషం తయారుచేసి కాలేయాన్ని పాడుచేస్తోందని ఆయన తేల్చాడు. ప్లీహం తీసేస్తే జబ్బు ఆగుతుందని చెప్పాడు. 1907లో ఫ్రాన్స్‌లో షోఫార్ 'హైపర్‌స్ప్లెనిజం' అన్న పేరు పెట్టాడు. ప్లీహం తన పని మితిమీరి చేస్తోందని ఆ మాటకు అర్థం. చూడడానికి అంతా కుదిరినట్టే ఉంది. కానీ బాంటీ చెప్పిన వరస తలకిందులు.

అది 1930లలో న్యూయార్క్‌లో తేలింది. అలెన్ విప్పుల్ బృందం ఆపరేషన్ చేస్తూ ప్లీహపు సిరలోకి సూది పెట్టి ఒత్తిడి కొలిచింది. అది మామూలుకన్నా బాగా ఎక్కువగా ఉంది. ప్లీహం నుంచి వచ్చే రక్తం కాలేయం గుండానే గుండెకు చేరాలి. కాలేయం మచ్చలుపడి గట్టిపడితే దారి మూసుకుపోయి, కింద ఆనకట్ట కట్టిన కాలువలో నీళ్లలా రక్తం వెనక్కి ఎక్కుతుంది. ఆ దారిలో వెనక్కి పోకుండా ఆపే కవాటాలు లేవు. 150 గ్రాముల ప్లీహం ఆ ఒత్తిడికి సాగి ఎన్నో రెట్లు అవుతుంది. అంటే చాలామందిలో ముందు చెడింది కాలేయమే, ప్లీహం దాని ఫలితం. మన దేశంలో కాలేయం బాగానే ఉండి, దానికి రక్తం తెచ్చే సిర చిన్నప్పుడే మూసుకుపోయినవాళ్లూ ఉన్నారు. వాళ్లలోనూ జరిగేది ఇదే.

అయితే ఒత్తిడి పెరిగితే కణాలు ఎందుకు తగ్గాలి? ప్లీహం వాటిని చంపుతోందని ఒక వర్గం అంది. ఎముక మజ్జను ఏదో పదార్థంతో అణచివేస్తోందని ఇంకో వర్గం వాదించింది. ప్లేట్‌లెట్ల విషయంలో దీనికి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా అందమైన జవాబు 1966లో అమెరికాలో రిచర్డ్ ఆస్టర్ చేసిన ప్రయోగం. ప్లేట్‌లెట్లకు రేడియోధార్మిక క్రోమియం గుర్తు అంటించి, మనుషుల రక్తంలోకి తిరిగి ఎక్కించి, అవి ఎక్కడికి పోతున్నాయో వెతికాడు. ఆరోగ్యవంతుల్లో సుమారు మూడింట రెండు వంతులు రక్తంలో తిరుగుతున్నాయి, మిగిలినవి ప్లీహంలో విశ్రాంతిగా ఉన్నాయి. ప్లీహం తీసేసినవాళ్లలో దాదాపు అన్నీ రక్తంలోనే ఉన్నాయి. ప్లీహం బాగా పెరిగినవాళ్లలో ఎక్కించినవాటిలో కొద్ది భాగమే రక్తంలో కనిపించింది. ఆశ్చర్యం ఏమిటంటే వాటి ఆయుష్షు మాత్రం మామూలుకు దగ్గర్లోనే ఉంది. పైగా అడ్రినలిన్ ఎక్కిస్తే ప్లీహంలోవి కొన్ని బయటికి వచ్చి కౌంట్ పెరిగింది. చచ్చినవి తిరిగిరావు కదా.

లెక్క వేసి చూద్దాం. ఒంట్లో మొత్తం ప్లేట్‌లెట్లు 100 పాళ్లు అనుకోండి. మామూలు మనిషిలో 67 పాళ్లు బయట ఉంటే కౌంట్ 2,50,000 వస్తుంది. పెరిగిన ప్లీహం 85 పాళ్లు పట్టుకుంటే బయట మిగిలేవి 15. కౌంట్ 56,000కు దిగుతుంది. ఒంట్లో ఒక్క ప్లేట్‌లెట్ కూడా తగ్గలేదు.

మరి 56,000 చూసి మజ్జ ఎక్కువ తయారుచేయాలి కదా? చేయదు. దానికి కారణం 1994లో త్రాంబోపొయిటిన్ దొరికాకే అర్థమైంది. మజ్జను ఉసిగొల్పే ఈ హార్మోన్‌ను ప్రధానంగా కాలేయం తయారుచేస్తుంది, ప్లేట్‌లెట్లు తమకు అంటించుకుని మింగేస్తాయి. ప్లీహంలో కూర్చున్నవి కూడా మింగుతాయి. కాబట్టి మజ్జకు అందేది ఒంట్లో ఉన్న మొత్తం లెక్క, మన రిపోర్టులో పడే అంకె కాదు. పైగా కాలేయం మచ్చలుపడి గట్టిపడే సిర్రోసిస్‌లో కాలేయమే ఆ హార్మోన్ తక్కువ చేస్తుంది. కౌంట్ తగ్గడంలో ప్లీహానిది ఎంత, కాలేయానిది ఎంత అన్నది మనిషిని బట్టి మారుతుంది. ప్లీహం ఒక్కదాన్నే దోషిని చేసిన పాత కథ ఇక్కడ సరిపోదు.

ఎర్రకణాలది వేరే దారి. అవి ప్లీహంలోని సన్నని చీలికల్లోంచి మెలికపడి దూరాలి. రక్తం నిలిచిపోతే అక్కడే ఎక్కువసేపు చిక్కుకుని, చుట్టూ ఉన్న భక్షక కణాలకు చిక్కుతాయి. దీర్ఘకాలపు ఇన్ఫెక్షన్లలో అసలు సంగతి ఈ భక్షక కణాలే. కాలా అజార్ అనే జ్వరంలో అవి పరాన్నజీవులతో నిండి విపరీతంగా పెరుగుతాయి. చార్లెస్ డోనోవన్ 1903లో మద్రాసులో ఆ పరాన్నజీవిని వెతికింది రోగుల ప్లీహంలో సూది గుచ్చే. కాబట్టి మలేరియా, కాలా అజార్‌లలో మందు పనిచేస్తే ప్లీహం మెల్లగా చిన్నదవుతుంది, కౌంట్లు పైకి వస్తాయి. సిర్రోసిస్‌లో అంత తేలిగ్గా రావు.

మన ఊళ్లలో ఇది ఎలా ఎదురవుతుందో ఒక ఉదాహరణ తీసుకుందాం. వానాకాలంలో జ్వరం వచ్చిన యాభై ఏళ్ల మనిషికి ప్లేట్‌లెట్లు 56,000. ఇంట్లోవాళ్లు డెంగీ అనుకుని బొప్పాయి ఆకు రసం తాగించి, ప్లేట్‌లెట్లు ఎక్కించమని పట్టుబడతారు. ఎక్కించినా వాటిలో చాలావరకు ప్లీహంలోకే చేరతాయి, కౌంట్ అనుకున్నంత పెరగదు. డెంగీ అయితే కౌంట్ రోజురోజుకూ పడి, మళ్లీ వారం పది రోజుల్లో లేస్తుంది. ఇతనికి జ్వరం తగ్గి నెలైనా అంకె అక్కడే ఉంది. తెల్లకణాలు 3,100, హిమోగ్లోబిన్ 10.5. అల్ట్రాసౌండ్‌లో ప్లీహం 17 సెంటీమీటర్లు, మామూలుగా 12 దాటకూడదు. ఎండోస్కోపీలో చూస్తే, వెనక్కి ఎక్కిన రక్తపు ఒత్తిడికి అన్నవాహికలో సిరలు ఉబ్బి ఉన్నాయి. ఇతనికి భయం ఆ సిరలు పగులుతాయనే, 56,000 అంకె వల్ల కాదు. అందుకే డాక్టర్ ఒత్తిడి తగ్గించే కార్వెడిలాల్ రాసి, కాలేయం చెడడానికి కారణమైన హెపటైటిస్ బికి మందు మొదలుపెడతారు. ప్లీహం తీసేయమని అడిగితే ఒప్పుకోరు. తీస్తే కౌంట్ లేస్తుంది గానీ కాలేయానికి రక్తం తెచ్చే సిరలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది, న్యుమోకాకస్ లాంటి బ్యాక్టీరియా సోకితే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. 1952లో కింగ్, షుమేకర్ ప్లీహం తీసిన పసిపిల్లల్లో ఈ సంగతి బయటపెట్టారు.

ఇతని ఇంట్లో బీరువా వెతికితే రెండేళ్ల కిందట షుగర్ కోసం చేయించిన రక్తపరీక్ష కాగితం దొరికింది. అందులో ప్లేట్‌లెట్లు 62,000.