U0121 వస్తే ఏబీఎస్ యూనిట్ పోయినట్టేనా?

మీటర్ బోర్డులో, బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ దీపం ఆరడం లేదు, స్పీడు ముల్లు సున్నా దగ్గరే ఉండిపోయింది. స్కానర్ పెడితే U0121 అని వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం షెడ్లలో ఈ కోడ్ చూడగానే "యూనిట్ పోయింది, మార్చాల్సిందే" అనే మాట తరచుగా వినిపిస్తుంది. వేల రూపాయల ఖర్చు. కానీ ఆ కోడ్ చెబుతున్నది అది కాదు. ఎందుకో తెలియాలంటే స్టీరింగ్ కింద ఉన్న 16 పిన్నుల సాకెట్, దాని వెనక ఉన్న రెండు తీగలు ఎక్కడి నుంచి వచ్చాయో చూడాలి.

సాకెట్ పుట్టింది పొగ గొడవలోంచి. కాలుష్యంతో సతమతమైన కాలిఫోర్నియా, 1988 మోడళ్ల నుంచి ఇంజన్ తన లోపాన్ని తానే కనిపెట్టి దీపం వెలిగించాలని నిబంధన పెట్టింది. 1996 నుంచి ఓబీడీ-2 పేరుతో అమెరికా మొత్తం ఒకే రకం సాకెట్, ఒకే రకం కోడ్‌లు వచ్చాయి. మన దగ్గర కార్లకు ఓబీడీ-2 తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్‌లో. చట్టం అడిగింది పొగ గురించే. అందుకే ఏ స్కానరైనా చదవగలిగేలా ఉండాల్సినవి పొగకు సంబంధించిన కోడ్‌లే. బ్రేకులు, ఎయిర్‌బ్యాగ్‌ల సంగతి కంపెనీల ఇష్టానికి వదిలేశారు. ఏబీఎస్ దీపం వెలుగుతున్నా ఫోన్‌కి కలిపే చౌక స్కానర్ "ఏ లోపమూ లేదు" అని చూపించడానికి ఇదే కారణం. అది ఏబీఎస్‌ని అసలు అడగలేదు.

తీగల కథ వేరు. బండిలో కంట్రోల్ యూనిట్లు పెరిగేకొద్దీ ఒక్కో సమాచారానికి ఒక్కో తీగ లాగడం తలకు మించిన పనైంది. బాష్ కంపెనీ 1983లో మొదలుపెట్టి 1986లో బయటపెట్టిన క్యాన్ పద్ధతి దీన్ని మార్చేసింది. మెలివేసిన రెండు తీగల మీదే అన్ని యూనిట్లూ మాట్లాడతాయి, అన్నీ వింటాయి. ప్రతి సందేశానికీ ఒక నంబరు ఉంటుంది. రెండు యూనిట్లు ఒకేసారి మొదలుపెడితే చిన్న నంబరు ముందుకు వెళ్తుంది, రెండోది ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది. ఏబీఎస్ యూనిట్ చక్రాల వేగాన్ని సెకనుకు ఎన్నోసార్లు ఇలా పంపుతూనే ఉంటుంది. దాన్ని ఇంజన్ యూనిట్ వాడుకుంటుంది, చాలా బళ్లలో స్పీడు ముల్లు కూడా. 2008 మోడళ్ల నుంచి అమెరికా ఓబీడీకి క్యాన్‌నే తప్పనిసరి చేయడంతో సాకెట్, నెట్‌వర్క్ కలిశాయి. 6, 14 పిన్నులు ఆ రెండు తీగలవే.

ఇప్పుడు U0121 చూడండి. "ఏబీఎస్ యూనిట్ నుంచి సందేశాలు రావడం లేదు" అని దాని అర్థం. ఆ కోడ్ రాసింది ఏబీఎస్ కాదు, దాని సందేశం కోసం ఎదురుచూసిన ఇంజన్ యూనిట్. పక్కింటివాళ్లు "ఆయన రెండు రోజులుగా కనిపించడం లేదండీ" అన్నట్టే. ఆయనకు ఒంట్లో బాలేదో, తలుపుకి బయట గొళ్లెం పడిందో వాళ్లకు తెలియదు.

కవిటి వైపు నుంచి శ్రీకాకుళం షెడ్డుకి వచ్చిన ఒక కారు సంగతే తీసుకుందాం. సముద్రం పక్క ఊరు, ఉప్పు గాలి. ఇంజన్, మీటర్ బోర్డు రెండూ U0121 చూపించాయి, ఏబీఎస్ మాత్రం స్కానర్‌కి పలకలేదు. మేస్త్రి బ్యాటరీ వైరు తీసి 6, 14 పిన్నుల మధ్య మీటర్ పెట్టాడు: 60 ఓమ్‌లు. నెట్‌వర్క్ రెండు చివరలా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి, సమాంతరంగా ఉన్న ఆ రెండూ కలిసి 60 చూపాలి. 120 వస్తే ఒక చివర తెగినట్టు, సున్నా దగ్గరికి వస్తే రెండు తీగలూ అంటుకున్నట్టు. ఏబీఎస్ కనెక్టర్ ఊడదీసి దాని క్యాన్ పిన్నుల దగ్గర కొలిచినా 60 వచ్చింది. అంటే తీగ అక్కడి దాకా బాగానే ఉంది. (సాకెట్‌కీ మిగతా నెట్‌వర్క్‌కీ మధ్యలో గేట్‌వే అనే యూనిట్ ఉన్న బళ్లలో సాకెట్ దగ్గరి కొలత గేట్‌వే దాకానే చెబుతుంది. వాటిలో రెండో కొలతే ముఖ్యం.)

మిగిలింది కరెంటు. ఫ్యూజు బాగుంది. ఎర్త్ చూడటంలోనే చాలామంది పొరబడతారు. కనెక్టర్ ఊడదీసి కొలిస్తే కరెంటు పారదు కాబట్టి చెడిపోయిన ఎర్త్ కూడా మంచిదిలాగే కనిపిస్తుంది. మేస్త్రి బ్యాటరీ మళ్లీ కలిపి, కనెక్టర్ పెట్టి, తాళం ఆన్ చేసి, బ్యాటరీ నెగెటివ్‌కీ యూనిట్ ఎర్త్ పిన్నుకీ మధ్య వోల్టేజి చూశాడు. 0.1 దరిదాపుల్లో ఉండాల్సింది 4 దాటింది. యూనిట్‌కి అందుతున్నది 8 వోల్టులే, అందుకే అది మూగబోయింది. బ్యాటరీ ట్రే కింద ఎర్త్ బోల్టు తుప్పు పట్టిపోయి ఉంది. గీకి, బిగించి, గ్రీజు రాశాక ఏబీఎస్ స్కానర్‌కి పలికింది, కోడ్‌లు చెరిపాక మళ్లీ రాలేదు.

కరెంటు, ఎర్త్, కనెక్టర్ దగ్గర 60 ఓమ్‌లు మూడూ సరిగ్గా ఉండి కూడా యూనిట్ పలకకపోతే అప్పుడు దాన్ని అనుమానించాలి. కొత్తది వేసినా చాలా బళ్లలో కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో కోడింగ్ చేయించాలి. చౌక స్కానర్‌తో అది కాదు.