పుట్టిన మర్నాడే రెండేళ్లు

జపాన్ చక్రవర్తి హిరోహితో 1926 డిసెంబర్ 25న గద్దెనెక్కారు, 1989 జనవరి 7న కన్నుమూశారు. లెక్కేస్తే ఆయన పాలన 62 ఏళ్ల రెండు వారాలు. ఆ పాలనాకాలానికి షోవా శకమని పేరు. కానీ జపాన్ క్యాలెండర్లలో షోవా 1 నుంచి షోవా 64 వరకూ ఉంటాయి. గడిచినవి 62 అయితే, లెక్కలో 64 ఎలా వచ్చాయి?

షోవా 1 ఎంతకాలం నడిచిందో చూస్తే సంగతి తెలిసిపోతుంది. డిసెంబర్ 25 నుంచి 31 దాకా, కేవలం ఏడు రోజులు. జనవరి 1 రాగానే షోవా 2 మొదలైంది. చివరి సంవత్సరమైన షోవా 64 కూడా జనవరి 1 నుంచి 7 దాకా, మళ్లీ ఏడు రోజులే. మొదట్లో ఒక ముక్క, చివర్లో ఒక ముక్క. రెండూ కలిపినా సగం నెల, లెక్కలో మాత్రం రెండేళ్లు.

తూర్పు ఆసియాలో మనుషుల వయసును లెక్కపెట్టిన సంప్రదాయ పద్ధతి సరిగ్గా ఇదే. చైనాలో దీన్ని శూసుయ్ అంటారు, జపాన్‌లో కజోయెదోషి, కొరియాలో సేనున్ నాయి. బిడ్డ పుట్టగానే ఒకటి. కొత్త సంవత్సరం వచ్చినప్పుడల్లా ఇంకొకటి. పుట్టినరోజుకూ వయసుకూ సంబంధం లేదు. అందుకే కొరియాలో డిసెంబర్ 31 రాత్రి పదకొండింటికి పుట్టిన పాప గంట తిరిగేసరికి రెండేళ్లది అయిపోతుంది. అంతర్జాతీయ లెక్కలో ఆ పాపకు ఒకటో పుట్టినరోజు దాకా వయసు సున్నాయే.

ఎందుకిలా అని అడిగితే చాలామంది చెప్పే జవాబు, తల్లి కడుపులో ఉన్న కాలాన్ని కూడా ఒక ఏడాదిగా కలుపుతారని. వినడానికి బాగానే ఉంటుంది, కానీ ఇందులో ఒక లొసుగుంది. కడుపులో ఉన్న నెలలు కలిపితే పుట్టేసరికి ఒకటి ఎందుకయిందో తెలుస్తుంది, సరే. మరి తర్వాతి అంకె పుట్టినరోజున కాకుండా కొత్త సంవత్సరం నాడు ఎందుకు పెరగాలి? దానికి ఈ వివరణలో సమాధానం లేదు. సున్నా తెలియని కాలపు లెక్క కాబట్టి ఒకటితో మొదలుపెట్టారనే వాదనకూ అదే చిక్కు.

రెండు ప్రశ్నలకూ ఒకేసారి జవాబు కావాలంటే షోవా లెక్క దగ్గరికే వెళ్లాలి. ఈ పద్ధతి గడిచిన కాలాన్ని కొలవదు. మనిషి ఎన్ని క్యాలెండర్ సంవత్సరాలను చూశాడో లెక్కపెడుతుంది. పుట్టిన సంవత్సరం అతను చూసిన మొదటి సంవత్సరం, అందులో ఒక్క రోజే బతికినా సరే. జనవరి 1న రెండోది మొదలైంది. మనవాళ్లు కూడా ‘ఇరవై నిండాయి, ఇరవై ఒకటో ఏడు నడుస్తోంది’ అంటారు కదా, ఆ నడుస్తున్న ఏడే ఇక్కడ వయసు. తేడా అల్లా, మన నడుస్తున్న ఏడు పుట్టినరోజు నుంచి పుట్టినరోజుకు, వాళ్లది క్యాలెండర్ మొదటి రోజు నుంచి చివరి రోజుకు. మన శాసనాలు చదివేవాళ్లకు ఇది కొత్త కాదు. శకసంవత్సరాన్ని గత సంవత్సరంగా చెప్పారా, వర్తమాన సంవత్సరంగా చెప్పారా అన్నదాన్నిబట్టి శాసనం తేదీ ఒక ఏడాది అటూ ఇటూ అవుతుంది.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. 1995 అక్టోబర్ 10న పుట్టిన ఒక కొరియన్ యువతిని అనుకోండి. 2023 జూన్ 28న ఆమె వయసెంత? సంప్రదాయ పద్ధతిలో 2023లోంచి 1995 తీసేసి ఒకటి కలపాలి: 29. అంతర్జాతీయ పద్ధతిలో ఆ ఏడు పుట్టినరోజు ఇంకా రాలేదు కాబట్టి 27. తేడా రెండు. ఆమె పూర్తిగా చూసిన సంవత్సరాలు 1996 నుంచి 2022 దాకా 27. ఆ పక్కన రెండు ముక్కలు మిగిలాయి. 1995లో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా రెండున్నర నెలల పైచిలుకు, 2023లో దాదాపు ఆరు నెలలు. సంప్రదాయ లెక్క రెండు ముక్కలనూ రెండేళ్లుగా వేసేసింది. అంతర్జాతీయ లెక్కకు ఆ రెండూ కలిపినా ఏడాది కాలేదు కాబట్టి వాటికి విలువ లేదు. అక్టోబర్ 10 వచ్చిన రోజు రెండు ముక్కలూ కలిసి సరిగ్గా ఒక ఏడాది అవుతాయి. అప్పుడు 28, 29. తేడా ఒకటి. కాబట్టి పుట్టినరోజుకు ముందు రెండు, తర్వాత ఒకటి. జనవరి 1ని హద్దుగా పెట్టుకున్నంతకాలం ఇంతకు మించి మార్పుండదు.

అయితే పాతకాలంలో కొత్త సంవత్సరం జనవరి 1న వచ్చేది కాదు, చాంద్రమానం ప్రకారం వచ్చేది. చైనాలో ఇంకా శూసుయ్ చెప్పే పెద్దవాళ్లలో చాలామంది ఆ పండుగనే హద్దుగా చూస్తారు. ఆ పండుగ జనవరి మూడో వారం నుంచి ఫిబ్రవరి మూడో వారం దాకా ఎప్పుడైనా రావచ్చు. పుట్టినరోజును మాత్రం ఇంగ్లిష్ తేదీతో లెక్కేస్తే ఇక్కడ తమాషా మొదలవుతుంది.

2001లో ఆ పండుగ జనవరి 24న వచ్చింది. ముందురోజు, అంటే 23న ఒక బాబు పుట్టాడనుకుందాం. పుట్టగానే ఒకటి, తెల్లారేసరికి రెండు. 2002 పండుగకు మూడు, 2003కు నాలుగు. 2004లో పండుగ జనవరి 22నే వచ్చేసింది. ఆ రోజు వాడికి ఐదు. కానీ మూడో పుట్టినరోజు ఇంకా రేపు, కాబట్టి అంతర్జాతీయ లెక్కలో వాడికి రెండే. ఒక్క రోజుపాటు తేడా మూడు!

అదే 2004 జనవరి 22న, పండుగ నాడే పుట్టిన ఇంకో బిడ్డను తీసుకోండి. వయసు ఒకటి. తర్వాతి పండుగ 2005 ఫిబ్రవరి 9న. ఈలోగా జనవరి 22న మొదటి పుట్టినరోజు వచ్చేసింది, కాబట్టి అంతర్జాతీయ లెక్కలోనూ ఒకటే. పద్దెనిమిది రోజులపాటు తేడా సున్నా. ఆ చాంద్రమాన సంవత్సరంలో అధికమాసం పడి 384 రోజులు రావడం దీనికి కారణం. మన పంచాంగంలో ఉగాది ముందుకూ వెనక్కూ జరగడానికి ఉన్న కారణమే ఇది కూడా. ‘తేడా ఒకటో రెండో’ అని అందరూ చెప్పే సూత్రం కొరియా జనవరి 1 లెక్కకు సరిపోతుంది, చైనా తాతమ్మల లెక్కకు ప్రతిసారీ సరిపోదు.

ఈ పద్ధతి అన్ని శతాబ్దాలు ఎందుకు నిలిచిందంటే, పుట్టిన తేదీ కన్నా పుట్టిన సంవత్సరమే అక్కడ ముఖ్యం. చైనా నుంచి వ్యాపించిన కాలగణనలో ప్రభవ, విభవల్లాగే అరవై పేర్లున్న సంవత్సర చక్రం ఉంది. మనిషి పుట్టిన సంవత్సరం పేరు మళ్లీ వచ్చినప్పుడు కొరియాలో హ్వాన్‌గప్ అనే వేడుక చేస్తారు. అది సేనున్ నాయి ప్రకారం 61వ ఏట పడుతుంది, నిండిన వయసు ప్రకారం 60. మన షష్టిపూర్తి కూడా అక్కడే పడుతుంది. ఇంకో విశేషం, ఈ సంప్రదాయ లెక్క రాజ్యమేలిన రోజుల్లో కూడా కొరియన్లు పిల్లల మొదటి పుట్టినరోజును తోల్ అనే పేరుతో ఏడాది నిండాకే ఘనంగా చేశారు. అంటే గడిచిన కాలం లెక్క వాళ్లకు తెలియక కాదు.

జపాన్ 1902లోనే నిండిన వయసును చట్టంలో పెట్టింది. జనం నోట కజోయెదోషి పోలేదు. 1950 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఇంకో చట్టం, రోజువారీ మాటల్లో కూడా నిండిన వయసే చెప్పమని కోరింది. డిసెంబర్ చివర్లో పుట్టిన బిడ్డ వారం తిరక్కుండానే రెండేళ్లదవుతుందని తల్లిదండ్రులు జనవరిలో పుట్టినట్టు నమోదు చేయించేవాళ్లు. అలాంటివి తగ్గి నమోదు సరిగ్గా ఉండాలన్నది కూడా అప్పటి కారణాల్లో ఒకటి. బడిలో చేర్చేటప్పుడు పుట్టినతేదీ మార్చి వేయించిన తరం మన దగ్గరా ఉంది కాబట్టి ఈ తెలివి మనకు వింత కాదు.

కొరియాలో చట్టాలు 1960ల ఆరంభం నుంచే నిండిన వయసును, అంటే మన్ నాయిని వాడుతున్నా, ఇళ్లలో, ఆఫీసుల్లో సేనున్ నాయి అలాగే సాగింది. ఒక కారణం వాళ్ల భాషలోని మర్యాద. ఎదుటివాళ్లు ఒక్క ఏడు పెద్దయినా పిలుపు మారుతుంది, క్రియ చివర కూడా మారుతుంది. ఒకే సంవత్సరంలో పుట్టినవాళ్లంతా ఒకే వయసువాళ్లయితే ఈ గొడవ తేలిగ్గా తేలిపోతుంది. పుట్టినరోజు లెక్కలో మార్చిలో పుట్టినవాడు నవంబర్‌లో పుట్టిన క్లాస్‌మేట్ కన్నా ఎనిమిది నెలలపాటు ఒక ఏడు పెద్ద, మిగతా నాలుగు నెలలు సమానం!

ఆ సౌకర్యానికీ ఒక చిల్లు ఉండేది. బడి ఏడాది మార్చిలో మొదలవుతుంది కాబట్టి, ఒకప్పుడు జనవరి, ఫిబ్రవరుల్లో పుట్టిన పిల్లలు ముందు సంవత్సరం వాళ్లతో కలిసి చేరేవాళ్లు. 1996 ఫిబ్రవరిలో పుట్టిన కుర్రాడికి 1995లో పుట్టినవాళ్లు క్లాస్‌మేట్లు, కాబట్టి స్నేహితులు. తర్వాత ఎక్కడో 1996 జూన్‌లో పుట్టినవాడు పరిచయమైతే వాడూ సమవయస్కుడే. ముగ్గురూ ఒక టేబుల్ దగ్గర కూర్చుంటే మాత్రం టెన్షన్. అటు 1995వాడు ఇటు 1996వాడికి అన్న అవుతాడు, మధ్యలోవాడు ఇద్దరినీ ‘ఏరా’ అంటుంటాడు. 2000ల చివర్లో బడి చేరికను క్యాలెండర్ సంవత్సరానికి మార్చాకే ఈ తరహా చిక్కు కొత్త పిల్లలకు తప్పింది.

2023 జూన్ 28న కొరియాలో కొత్త చట్టం అమల్లోకి వచ్చినప్పుడు, కొరియన్లంతా ఒకటో రెండో ఏళ్లు చిన్నవాళ్లయిపోయారని ప్రపంచమంతా వార్తలు వచ్చాయి. నిజానికి ఆ చట్టం చేసింది కాస్త చిన్న పని. చట్టంలోగానీ ఒప్పందంలోగానీ ప్రత్యేకంగా చెప్పకపోతే వయసంటే నిండిన వయసేనని తేల్చింది. కొన్నింటిని ముట్టుకోలేదు. మద్యం, సిగరెట్ల అమ్మకానికీ, సైనిక సేవకూ ఇంకా మూడో లెక్క ఒకటి నడుస్తోంది. దాని పేరు యోన్ నాయి, నడుస్తున్న సంవత్సరంలోంచి పుట్టిన సంవత్సరం తీసేస్తే వచ్చేది. 2004 డిసెంబర్ 31న పుట్టిన కుర్రాడు 2023 జనవరి 1నే దుకాణంలో బీరు కొనుక్కోవచ్చు, నిండినవి 18 ఏళ్లే అయినా. దుకాణదారు కార్డు మీద నెల, రోజు చూడక్కర్లేదు, సంవత్సరం చూస్తే చాలు.

కొరియన్ సీరియళ్లు చూసే మనవాళ్లు నటుల వయసు దగ్గర తికమకపడితే పుట్టిన సంవత్సరం పట్టుకోవడం మేలు. పాత ఇంటర్వ్యూలో చెప్పిన వయసు, అది అచ్చయిన సంవత్సరంలోంచి పుట్టిన సంవత్సరం తీసేస్తే వచ్చేదాని కన్నా ఒకటి ఎక్కువుంటే అది సేనున్ నాయి. ఒకటి తక్కువుంటే అది నిండిన వయసు, ఆ ఏడు పుట్టినరోజు ఇంకా రాలేదన్నమాట. సరిగ్గా సమానంగా ఉంటే అది పుట్టినరోజు దాటిన నిండిన వయసైనా కావచ్చు, యోన్ నాయి అయినా కావచ్చు. పుట్టిన తేదీ చూడకుండా అది తేలదు.