వాచీలో స్ట్రెస్ 82 చూపిస్తోందా? నిన్న రాత్రి ఎన్నింటికి తిన్నారో ముందు చెప్పండి

నేను హైదరాబాద్‌లో కార్డియాక్ రీహాబ్ ఫిజియోని. స్టెంట్ పడ్డవాళ్ళని, బైపాస్ అయినవాళ్ళని మెల్లగా మళ్ళీ నడకలో పెట్టడం నా పని. ఈ మధ్య ఏ జబ్బూ లేనివాళ్ళు కూడా ఫోన్ నిండా వాచీ స్క్రీన్‌షాట్లతో వచ్చేస్తున్నారు, అందుకే ఎక్కువగా వినే నాలుగు మాటలు ఇక్కడ రాస్తున్నా.

అపోహ: నాకు ఎంత టెన్షన్ ఉందో వాచీకి తెలిసిపోతుంది

వాచీకి మీ మనసు తెలీదు, మీ బాసూ తెలీదు. దానికి తెలిసిందల్లా వెనకాల వెలిగే ఆ పచ్చ లైటులో మణికట్టు రక్తం ఎప్పుడు పొంగింది, మళ్ళీ ఎప్పుడు పొంగింది అనేదే. గుండె నిమిషానికి 60 సార్లు కొట్టుకుంటోంది అంటే సరిగ్గా సెకనుకొకసారి అని కాదు, ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య గ్యాప్ 960 మిల్లీసెకన్లు, తర్వాత 1030, తర్వాత 990, తర్వాత 1050, ఇలా అటూఇటూ ఊగుతూ ఉంటుంది. ఈ ఊగడమే హెచ్‌ఆర్‌వీ. పక్కపక్క గ్యాపుల తేడాలు 70, 40, 60 కదా, వీటిని వర్గం చేసి, సగటు తీసి, వర్గమూలం కడితే దాదాపు 58 వస్తుంది. చాలా వాచీలు రాత్రి నిద్రలో వేల దెబ్బల మీద ఇదే లెక్క చేసి పొద్దున ఒక నంబర్ మన మొహాన పెడతాయి.

ఎందుకు ఊగుతుందో ఇంట్లోనే చూడొచ్చు. మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టి బాగా నెమ్మదిగా ఊపిరి తీసి వదలండి, తీసేటప్పుడు పల్స్ కాస్త తొందరపడుతుంది, వదిలేటప్పుడు నిదానిస్తుంది. వయసులో ఉన్నవాళ్ళకి ఇది బాగా తెలుస్తుంది. గుండెకి బ్రేకులా పనిచేసే వేగస్ నరం మహిమ అది. ఒంటికి ఏదైనా పని పడిందంటే ఆ బ్రేక్ వదులవుతుంది, పల్స్ పెరుగుతుంది, ఊగడం తగ్గుతుంది, వాచీ దాన్ని స్ట్రెస్ అంటుంది. ఆ పని మీ ఆవిడతో గొడవైనా కావచ్చు, జ్వరమైనా కావచ్చు, రాత్రి పదకొండున్నరకి తిన్న బిర్యానీ అరిగించుకోవడమైనా కావచ్చు, వాచీకి అన్నీ ఒకటే. గార్మిన్ వాచీలో అయితే స్ట్రెస్‌కి 0 నుంచి 100 స్కేలు, 25 లోపు రెస్ట్, 76 నుంచి పైన హై. ఆ హై అంటే "ఒళ్ళు ఇప్పుడు ఏదో పనిలో ఉంది" అని మాత్రమే అర్థం.

అపోహ: ఫ్రెండ్‌కి హెచ్‌ఆర్‌వీ 75, నాకు 34, అంటే నా గుండె వీక్

కాదండీ. వయసు పెరిగేకొద్దీ హెచ్‌ఆర్‌వీ తగ్గుతుంది, పుట్టుకతో వచ్చే తేడా ఎటూ ఉంటుంది, పైగా ఇద్దరి వాచీలూ వేరే కంపెనీవైతే లెక్కే వేరు. ఆపిల్ వాచ్ హెల్త్ యాప్‌లో చూపించే సూత్రం వేరు, గార్మిన్ రాత్రిపూట వాడేది వేరు. సేరు లెక్కనీ కిలో లెక్కనీ పక్కన పెట్టి పోల్చినట్టే. వాచీ మార్చినా అంతే, పాత నంబర్లు మర్చిపోయి కొత్తగా మొదలెట్టుకోవాలి.

అపోహ: ఒక్క రాత్రి సగానికి పడిపోయింది, ఏదో అయ్యింది

దీని మీదే ఎక్కువమంది వస్తారు. ఒకాయన, 38 ఏళ్ళు, ఐటీ ఉద్యోగం, ఆదివారం పొద్దున వాచీలో హెచ్‌ఆర్‌వీ 24 చూసి భయపడి సోమవారం నా ముందు కూర్చున్నారు. "మేడమ్, ఎప్పుడూ 40 చుట్టూ ఉండేది" అన్నారు. యాప్ తెరిచి వారం మొత్తం కాగితం మీద రాశాం: 42, 38, 44, 40, 39, శనివారం రాత్రి 24, ఆదివారం రాత్రి 31. అంతకుముందు రెండు నెలల్లో ఆయన వారం సగటు 35కీ 48కీ మధ్యే తిరిగింది. ఈ వారం ఏడూ కూడితే 258, ఏడుతో భాగిస్తే దాదాపు 37. అంటే ఆయన మామూలు పరిధిలోనే ఉన్నారు.

శనివారం ఏం చేశారు అంటే కాసేపు ఆలోచించి, కజిన్ రిసెప్షన్ అన్నారు, రెండు పెగ్గులు, భోజనం పదకొండున్నరకి, పడుకునేసరికి ఒంటిగంట. ఆ రాత్రి నిద్రలో పల్స్ కూడా చూశాం, మామూలుగా 58 ఉండేది 67 ఉంది. మందు తాగిన రాత్రి, ఆలస్యంగా తిన్న రాత్రి సరిగ్గా ఇలాగే కనిపిస్తుంది, పల్స్ పైకి, హెచ్‌ఆర్‌వీ కిందికి. బుధవారానికి మళ్ళీ 41కి వచ్చిందని మెసేజ్ పెట్టారు. (నా దగ్గర కూర్చున్న ఇరవై నిమిషాల్లోనే వాచీ ఆరుసార్లు చూశారు, స్ట్రెస్ 82 నుంచి దిగలేదు మరి! ఆ స్క్రీన్‌ని వాచీ మీంచి తీసేయమన్నా.)

కాబట్టి చూడాల్సింది ఏడు రోజుల సగటు, అదీ మీ పాత వారాలతో పోల్చి. కొత్త వాచీ అయితే కనీసం మూడు వారాలు ఏమీ తేల్చుకోకండి. ఆడవాళ్ళకి ఇంకోటి, పీరియడ్స్‌కి ముందు వారం పది రోజులు హెచ్‌ఆర్‌వీ కాస్త తగ్గి పల్స్ కాస్త పెరగడం చాలామందిలో మామూలే, కాబట్టి పోయిన వారంతో కాకుండా పోయిన నెల అదే వారంతో పోల్చుకోండి. వాచీ వదులుగా ఉంటే లైటు తప్పుగా చదువుతుంది, మణికట్టు ఎముకకి ఒక వేలు పైన, జారకుండా పెట్టుకుని పడుకోండి. బీపీకో గుండెకో మెటోప్రొలాల్ లాంటి మాత్ర మొదలెట్టినా, ఆపినా, డోసు మారినా పల్స్‌తో పాటు ఈ నంబరూ మారొచ్చు. నంబర్ చూసి మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

మరి ఎప్పుడు పట్టించుకోవాలి? సగటు మీ పరిధి కిందికి జారి వారం దాటినా లేవకపోవడం, నిద్రలో పల్స్ కూడా పెరిగి అలాగే ఉండిపోవడం, మెట్లెక్కితే మామూలు కంటే ఎక్కువ ఆయాసం రావడం, ఈ మూడూ కలిస్తే డాక్టర్‌కి చూపించండి. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం లాంటివైతే వాచీ ఏం చెప్తోందో అసలు చూడొద్దు, "స్ట్రెస్ తక్కువనే చూపిస్తోంది కదా" అని కూర్చోకుండా వెంటనే హాస్పిటల్‌కి పోవాలి.

అపోహ: హెచ్‌ఆర్‌వీ ఎంత పెరిగితే అంత మంచిది

62 ఏళ్ళ పెద్దాయన, అమెరికా నుంచి కొడుకు పంపిన వాచీ. ఎప్పుడూ ఇరవైల్లో ఉండే నంబర్ నాలుగైదు రోజులుగా 110 దగ్గర ఉంది. "చూశావా అమ్మా, వాకింగ్ మహిమ" అని నవ్వుతూ చూపించారు. నేను చెయ్యి పట్టుకుని పల్స్ చూస్తే ఒకటి దగ్గరగా, ఒకటి దూరంగా, ఏ వరసా లేకుండా కొడుతోంది. ఊపిరితో పాటు మెల్లగా పెరిగి తగ్గడం వేరు, ఇలా చిందరవందరగా ఉండటం వేరు. ఈసీజీ తీస్తే ఏట్రియల్ ఫిబ్రిలేషన్. గుండె లయ తప్పితే గ్యాపులన్నీ చెల్లాచెదురు అవుతాయి, లెక్క కట్టేదానికి అది పెద్ద హెచ్‌ఆర్‌వీలా కనిపిస్తుంది, నిజానికి అప్పుడు ఆ నంబర్‌కి అర్థమే లేదు. రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉండే జబ్బు అది, అందుకే కార్డియాలజిస్ట్ రిస్క్ చూసి రక్తం పల్చబడే మందు మొదలెట్టారు.

ఇప్పుడు ఆయన వాచీ టైమ్‌కీ అడుగులకీ మాత్రమే చూస్తారు, పొద్దున్నే కాఫీకి ముందు రెండు వేళ్ళు మణికట్టు మీద పెట్టి గోడ గడియారంలో నిమిషం లెక్కపెట్టుకుంటారు.